కాస్తు చూసి సరిపెట్టకండి, కాగితం చదవండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల రెవెన్యూ డివిజనల్ అధికారులకు బహిరంగ లేఖ



మీ కార్యాలయాల్లో ఉన్న సాదా బైనామా ఫైళ్ల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. సివిల్ కోర్టులో భూమి తగాదాలు చూసే వకీలుని. ఈ ఫైళ్ల మీద మీరు ఇచ్చే ఉత్తర్వుల్లో కొన్ని రేపు ఎలాగూ మా కోర్టులకే వస్తాయి. వచ్చాక వాదించుకోవడం కన్నా ముందే మీకు ఒక మాట చెప్పడం మేలనిపించింది.

ఈ దరఖాస్తుల చరిత్ర మీకు తెలిసిందే అయినా, చదివే రైతుల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్ల కాగితం మీద కొన్న భూములను క్రమబద్ధం చేస్తామని 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 దాకా ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంది. రాష్ట్రమంతటా తొమ్మిది లక్షలకు పైగా వచ్చాయి. అదే అక్టోబర్ 29న కొత్త పాస్‌బుక్కుల చట్టం అమల్లోకి వచ్చింది, దానితో 1971 నాటి చట్టం రద్దయింది. ఆ పాత చట్టంలోని 5-ఏ సెక్షన్ కిందే సాదా బైనామాలు తీసుకుంటున్నారు కాబట్టి, చట్టమే లేకుండా ఏ అధికారంతో చేస్తారని హైకోర్టు అడిగింది. ఫైళ్లు ఆగిపోయాయి. 2025లో భూభారతి చట్టం 6వ సెక్షన్‌తో ఆ అధికారాన్ని తిరిగి తెచ్చింది, అది కూడా తహసీల్దారుకు కాక మీకు ఇచ్చింది. ఆ ఆగస్టులో కోర్టు అడ్డంకి తొలగింది, సెప్టెంబర్‌లో జీవో వచ్చింది. 2014 జూన్ 2 నాటికే కొని ఉండాలి, కనీసం పన్నెండేళ్లు స్వాధీనంలో ఉండాలి, చిన్న సన్నకారు రైతు అయి ఉండాలి, ఆ నెల రోజుల్లో దరఖాస్తు పెట్టి ఉండాలి. స్థూలంగా ఇవీ షరతులు.

ఈ షరతుల్లో పన్నెండేళ్ల స్వాధీనం అన్నదాని దగ్గరే నా భయమంతా. మన జిల్లాల్లో భూమిని కొన్నవాడు దున్నుతాడు, కుదువ పట్టినవాడూ దున్నుతాడు, కౌలుకు చేసేవాడూ, పసుపు కుంకుమ కింద పుచ్చుకున్న ఆడబిడ్డ తరఫు అల్లుడూ దున్నుతారు. పంచనామాకు వెళ్లిన గిర్దావర్‌కు నలుగురూ ఒకే తీరుగా కనిపిస్తారు. పక్క పొలం వాళ్లను అడిగితే ‘ఇరవై ఏండ్ల సంది ఆయనే చేస్తున్నడు సార్’ అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ ఇరవై ఏళ్లు ఏ హక్కుతో చేశాడన్న సంగతి ఆ జవాబులో లేదు. అది కాగితంలో ఉంటుంది, పాత పహాణీలో ఉంటుంది. అవి రెండూ చదవకుండా కాస్తు ఒక్కటే చూసి పట్టా చేస్తే, అమ్ముకోని మనిషి భూమిని మీ సంతకంతో అమ్మినట్టవుతుంది.

చట్టం ఈ నాలుగింటినీ వేరువేరుగా చూస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే జరగాలి. ఆ వంద రూపాయల అంకె ఇప్పటికీ మారలేదు, అంటే ఆచరణలో ప్రతి గుంటకూ రిజిస్ట్రేషన్ తప్పదు. అమ్మకపు ఒప్పందం భూమిలో ఏ హక్కునూ పుట్టించదని కూడా ఆ సెక్షనే చెప్తుంది. తాకట్టుకు 59వ సెక్షన్. పత్రాలు డిపాజిట్ చేసే పద్ధతిని పక్కన పెడితే, అసలు వంద రూపాయలు, ఆపై ఉన్నప్పుడు రిజిస్ట్రేషన్‌తో పాటు కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. దానానికి 123వ సెక్షన్ కూడా రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షులు అడుగుతుంది. దాని పైన, ఇచ్చినవాడు బతికుండగానే పుచ్చుకున్నవాడు ఒప్పుకోవాలి.

ఇక్కడ జనంలో ఉన్న ఒక పొరపాటు నమ్మకం చెప్పాలి. బైనామా మీద నలుగురు పెద్దమనుషులు వేలిముద్రలు వేస్తే అమ్మకం గట్టిపడిందనుకుంటారు. ఆస్తి బదిలీ చట్టం అమ్మకానికి సాక్షులనే అడగలేదు, అడిగింది రిజిస్ట్రేషన్. ఊరంతా సంతకం పెట్టినా రిజిస్టర్ కాని అమ్మకం అమ్మకం కాదు. తాకట్టు, దానం విషయంలో తిరకాసు ఇంకో వైపు. అక్కడ రిజిస్టర్ అయినా సాక్షులు సరిగా లేకపోతే పత్రం నిలవదు. సాక్షి అంటే, రాసిచ్చినవాడు వేలిముద్ర వేస్తుంటే చూసినవాడో, ‘నేనే వేశాను’ అని ఆయన నోట విన్నవాడో అయి ఉండాలి. తన సంతకం ఆయన ఎదుటే పెట్టాలి. కాగితం రాసిన కరణమో, పట్వారీయో రాసినవాడిగా కింద సంతకం చేసినంత మాత్రాన సాక్షి అయిపోడు.

కౌలు దారి వేరు. ఆస్తి బదిలీ చట్టంలోని లీజు అధ్యాయం 117వ సెక్షన్ పుణ్యాన వ్యవసాయ కౌళ్లకు మామూలుగా వర్తించదు. వాటికి మన దగ్గర 1950 నాటి కౌలుదారీ చట్టం ఉంది. ఊళ్లలో కౌలు నోటిమాటగానే నడుస్తుంది, ఎందుకంటే కాగితం రాస్తే రక్షిత కౌలుదారు కేసు అవుతుందేమోనని పట్టాదారుకు తాతల కాలం నాటి భయం. అందుకే కౌలు రైతు దగ్గర ఏ ఆధారమూ ఉండదు. అయితే కౌలుకు దిగినవాడు ఎన్నేళ్లు దున్నినా కొన్నవాడు కాడు. ఇది మీకు తెలియదని కాదు. ఊరి రాజకీయం గట్టిగా ఉన్న చోట కౌలు కాస్తుకు బైనామా కాగితం తరువాత పుట్టుకొచ్చే ప్రమాదం ఉందని గుర్తు చేస్తున్నాను.

అన్నింటికంటే చిక్కుగా ఉండేది కుదువ. పాలమూరు వైపు దీని వెనక ఒక పద్ధతి ఉంది. వానలు తప్పిన ఏడు, బోరు ఎండిన ఏడు, పెళ్లి ఖర్చో ఆసుపత్రి ఖర్చో మీద పడినప్పుడు మనిషి భూమిని కుదువ పెట్టి డబ్బు తీసుకుంటాడు. వడ్డీ ఉండదు. వడ్డీకి బదులు పట్టినవాడు పంట తింటాడు. పెట్టినవాడు మేస్త్రీ వెంట ముంబైకో పుణేకో పోతాడు. అసలు కట్టిన రోజు భూమి విడిపించుకోవాలన్నది మాట. చట్టంలో దీన్ని అనుభవపు తాకట్టు అంటారు, 58వ సెక్షన్‌లోని డి క్లాజు. అయిదేళ్లకో పదేళ్లకో విడిపించుకుందామని పోయినవాడు ఇరవై ఏళ్లయినా తిరిగి రాకపోవచ్చు. కాస్తు మాత్రం పట్టినవాడిదే.

ఇప్పుడు ఒక కాగితాన్ని మీ ముందు పెడతాను. ఇది ఏ ఒక్కరిదీ కాదు, ఇలాంటివి చదివిన అలవాటుతో నేను కూర్చిన నమూనా. మద్దూరు వైపు ఒక ఊరు అనుకోండి. 1999లో రాసింది. పైన పెద్ద అక్షరాలతో ‘సాదా బైనామా’ అని ఉంది. కింద ఇలా: ‘నా ఇంటి అవసరముల నిమిత్తము ముప్పై వేల రూపాయలు ముట్టినవి. నా పట్టా భూమి రెండెకరాల ఇరవై గుంటలు ఈ దినము నుండి మీ కాస్తులోకి ఇచ్చినాను. పైకము ముట్టజెప్పిన నాడు భూమి నాకు వాపసు ఇవ్వవలెను.’ రెండు వేలిముద్రలు, ఇద్దరు సాక్షులు, రెవెన్యూ స్టాంపు.

దరఖాస్తుదారు ఈ కాగితాన్ని బైనామాగా చూపిస్తాడు. శీర్షిక అలాగే ఉంది. పన్నెండేళ్లు దాటి కాస్తు ఉంది. 2014కు ముందుది. ఆయన సన్నకారు రైతే. షరతుల పట్టికలో అన్నింటికీ టిక్కు పడుతుంది. కానీ చివరి వాక్యం చదవగానే అది అమ్మకం కాదని తేలిపోతుంది. ‘పైకము ముట్టజెప్పిన నాడు వాపసు’ అన్న చోట అప్పు ఇంకా బతికే ఉంది. అప్పు బతికి ఉంటే అది తాకట్టు. తాకట్టుకూ షరతుతో కూడిన అమ్మకానికీ తేడా ఎలా పట్టాలో సుప్రీంకోర్టు 1954లోనే చున్‌చున్ ఝా కేసులో చెప్పింది. పత్రానికి పెట్టిన పేరు కాదు, లోపలి మాటలనూ చుట్టూ ఉన్న పరిస్థితులనూ చూడాలి.

మాటలు ఇంత స్పష్టంగా లేని కాగితాలు కూడా వస్తాయి. అప్పుడు మొదట ధర చూడండి. ఆ ఏడు ఆ ఊళ్లో, వీలైతే అదే సర్వే నంబరు పక్కన, రిజిస్టరైన అమ్మకాలు సబ్ రిజిస్ట్రారు దగ్గర దొరుకుతాయి. నమూనాలో పక్క భూమి ఎకరం ముప్పై అయిదు వేలకు పోయిందనుకోండి. రెండున్నర ఎకరాలకు ఎనభై ఏడు వేల అయిదు వందలు రావాలి. మన మనిషి పుచ్చుకున్నది ముప్పై వేలు. మూడో వంతుకు భూమి అమ్ముకునేవాడు అరుదు, మూడో వంతు అప్పు తెచ్చుకునేవాడు మామూలు. ధర ఒక్కటే నిర్ణయించదు. కానీ దాన్ని చూశాక అడగాల్సిన ప్రశ్నలు మారిపోతాయి.

తరువాత పాత పహాణీలు. పట్టాదారు పేరు పక్కన అనుభవదారు పేరు ఉంటుంది, ఆ పక్కనే అనుభవ స్వభావం అన్న గడి ఉంటుంది. కొనుగోలా, కౌలా, కుదువా అన్నది పట్వారీ, తరువాత వీఆర్వో ఆ గడిలోనే రాసేవాళ్లు. ధరణి రికార్డులో అనుభవదారు కాలమే పోయింది కాబట్టి అందులో ఇది దొరకదు. మీ విచారణకు పనికొచ్చేవి ఆ ముందు ఏళ్లవి. ఒక్క ఏడు చూసి వదిలేయవద్దు. కాగితం రాసిన ఏడు నుంచి వరసగా చూస్తే, మొదట నాలుగేళ్లు ‘కుదువ’ అని ఉండి తరువాత చడీచప్పుడు లేకుండా ‘కొనుగోలు’ అయిన పహాణీలు బయటపడవచ్చు. మధ్యలో మార్పు వచ్చిన ఏడు దగ్గర ఆగి, ఆ ఏడు కొత్తగా ఏం డబ్బు చేతులు మారిందని అడగండి. జవాబు లేకపోతే మారింది రాత మాత్రమే.

ఇంకో రకం కాగితం మరీ ప్రమాదకరం. బైనామా ఒక కాగితం మీద, ‘డబ్బు కడితే తిరిగి రాసిస్తాను’ అన్న హామీ ఇంకో కాగితం మీద రాసుకుంటారు. 58వ సెక్షన్ సి క్లాజుకు 1929లో చేర్చిన నిబంధన ప్రకారం, వాపసు షరతు అమ్మకపు పత్రంలోనే ఉంటే తప్ప దాన్ని తాకట్టు అనడానికి వీల్లేదు. రెండో కాగితం కుదువ పెట్టినవాడి ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంటుంది, దరఖాస్తుదారు దాన్ని మీకు చూపించడు. కోర్టులో చట్టం కుదువ పెట్టినవాడికి ఎంత మేలు చేస్తుందన్నది వేరే సంగతి. కనీసం మీ ముందు అది తేలాలంటే అవతలి మనిషికి నోటీసు అందాలి.

నోటీసు మాట కూడా చెప్పనివ్వండి. పాత చట్టం కింద తహసీల్దార్లు ఇచ్చిన 13-బి సర్టిఫికెట్లలో, పట్టాదారుకు సరైన నోటీసు లేదన్న ఒక్క కారణంతో హైకోర్టులో రద్దయినవి ఉన్నాయి. పంచాయతీ గోడ మీద అతికించిన కాగితం ముంబైలో సెంట్రింగు పని చేసే మనిషికి ఎలా కనిపిస్తుంది? నారాయణపేట, కోస్గి, దామరగిద్ద, మద్దూరు మండలాల్లో ఎవరి ఇల్లు తాళం వేసి ఉందో, వాళ్లు ఏ మేస్త్రీ వెంట పోయారో ఊరికి తెలుసు. ఫోన్ నంబరు అన్నో తమ్ముడో ఇస్తాడు. రిజిస్టర్డ్ పోస్టు పాత చిరునామాకు పంపి, తిరిగొచ్చిన కవరును ఫైలుకు కుట్టి ‘నోటీసు జారీ’ అని రాసేయకండి. పండగకు వాళ్లు ఊరికి వచ్చే రోజుల్లో విచారణ పెట్టండి. మనిషి చనిపోయి ఉంటే వారసులందరికీ, పెళ్లయి వేరే ఊరికి పోయిన కూతుళ్లతో సహా, నోటీసు పోవాలి.

ఇంతసేపూ కుదువ పెట్టినవాడి పక్షాన మాట్లాడాను. నిజంగా కొన్నవాడికి అన్యాయం జరగకూడదన్నది కూడా నాకు అంతే ముఖ్యం. నల్లగొండలో సాదా బైనామాలు ఊరికే పుట్టలేదు. 1950 కౌలుదారీ చట్టంలో 47వ సెక్షన్ అమల్లో ఉన్నన్నాళ్లూ వ్యవసాయ భూమి అమ్మాలంటే తహసీలు నుంచి అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది. 1969లో ఆ సెక్షన్ తీసేశారు. ఆ ఇరవై ఏళ్లలో జనం తెల్ల కాగితానికి అలవాటు పడ్డారు. పూర్తి ధర ఇచ్చి, కాగితం రాయించుకుని, బావి తవ్వి, రాళ్లు ఏరి, తరం గడిచాక కూడా పట్టా కాని కుటుంబాలు అనేకం. అమ్మినవాడి మనుమడు ఇప్పుడు ఎకరం ధర విని ‘మా తాత అమ్మలేదు’ అంటాడు, లేదా సంతకానికి లక్షలు అడుగుతాడు. అలాంటి చోట అమ్మినవాళ్లు వచ్చి అఫిడవిట్ ఇస్తేనే ఫైలు కదుపుతామంటే మంచి కొనుగోలును వాళ్ల బేరానికి వదిలేసినట్టే. కాగితంలో వాపసు మాట లేదు, ధర ఆనాటి రేటుకు దగ్గరగా ఉంది, పహాణీల్లో మొదటి ఏటి నుంచీ ‘కొనుగోలు’ అని ఉంది, బతికున్న ఒక సాక్షి వచ్చి చెప్పాడు, హద్దుల పట్టాదారులు ఒప్పుకున్నారు. ఇవి ఉన్నప్పుడు నోటీసు అందుకుని కూడా ఆధారమేమీ లేకుండా అడ్డం చెప్పినవాడి మాట దగ్గర ఆగిపోవాల్సిన పని లేదు. ఆగితే ఆ కొన్నవాడికి మిగిలేది ఆస్తి బదిలీ చట్టం 53-ఏ సెక్షన్ ఒక్కటే. అది అతని స్వాధీనాన్ని కాపాడవచ్చు గానీ పట్టా ఇవ్వదు. పైగా 2001 సెప్టెంబర్ 24 తరువాత రాసిన ఒప్పందమైతే రిజిస్టర్ కాకుండా ఆ కాపుదల కూడా లేదు.

పసుపు కుంకుమ భూముల మీద ఒక్క మాట. కూతురికి పెళ్లినాడు నోటితో ఇచ్చి, తరువాత అన్నదమ్ములు గొడవ పెట్టినప్పుడు దాన్ని కొనుగోలుగా చూపించే బైనామా రాయించుకునేవాళ్లుంటారు. దానం చెల్లాలంటే రిజిస్టరు పత్రం కావాలి. ముస్లిం కుటుంబాల్లో హిబా మాత్రం 129వ సెక్షన్ వల్ల దీనికి మినహాయింపు, అక్కడ ఇచ్చానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం చేయడం సరిపోతాయి. డబ్బు ముట్టని దానాన్ని కొనుగోలుగా రాసిన కాగితం మీ ముందుకు వస్తే, తండ్రి బతికి ఉన్న చోట ఆ కుటుంబానికి గిఫ్టు డీడు దారి చూపించండి. అబద్ధపు బైనామాను పట్టా చేస్తే రేపు ఆ ఆడబిడ్డే కోర్టులో ఓడిపోతుంది. అసైన్డు భూములకు, అమ్రాబాద్ వైపు నల్లమల షెడ్యూల్డు గ్రామాల భూములకు ఈ క్రమబద్ధీకరణ వర్తించదని మీకు వేరే చెప్పక్కర్లేదు. అసైన్డు భూమి అమ్మకానికీ, షెడ్యూల్డు గ్రామాల్లో గిరిజనేతరులకు అమ్మకానికీ నిషేధం ఉంది.

మీరు సివిల్ కోర్టు కారు. హక్కు ఎవరిదో తేల్చే పని మీది కాదు, నిజంగా చిక్కుముడి ఉంటే పార్టీలను కోర్టుకు పంపడమే సరి. కానీ భూభారతి చట్టం 6వ సెక్షన్ కింద ఉత్తర్వు ఇచ్చే ముందు ‘ఇది అమ్మకమేనా’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు మీరు రాయక తప్పదు. ఆ జవాబును ఉత్తర్వులో మాటల్లో రాయమని అడుగుతున్నాను. కాగితంలో ఏముంది, ఏ ఏళ్ల పహాణీలు చూశారు, ధర ఎంత, ఆనాటి రేటెంత, నోటీసు ఎవరి చేతికి ఏ రోజు అందింది. సగం పేజీ చాలు. అది ఉంటే అప్పీలులో కలెక్టరుకూ, తరువాత మాకూ, మీరు ఏం చూసి నిర్ణయించారో తెలుస్తుంది. ‘స్వాధీనం రుజువైనందున’ అన్న ఒక్క ముక్కతో వచ్చిన ఉత్తర్వును సమర్థించడం ప్రభుత్వ ప్లీడరుకు కూడా కష్టం.

కుదువ అని తేలిన ఫైలును తిరస్కరించేటప్పుడు ఆ సంగతి స్పష్టంగా రాయండి, ఎందుకంటే భూమి వదులుకున్నానని ఇన్నాళ్లూ అనుకుంటున్న మనిషికి ఆ ఉత్తర్వే మొదటి ఆధారం అవుతుంది. రిజిస్టర్ కాని కుదువ పత్రం తాకట్టుగా చెల్లకపోయినా, పట్టినవాడు ఏ హోదాలో భూమిలోకి దిగాడో చూడటానికి రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ అడ్డు రాదు. తాకట్టుదారుగా దిగినవాడు పన్నెండేళ్లు ఉంటే అతనికి వచ్చేది తాకట్టుదారు హక్కే గానీ యాజమాన్యం కాదన్నది కోర్టులు ఒప్పుకున్న సూత్రం. ‘ముప్పై ఏళ్లు దాటాయి, ఇక గడువు లేదు’ అని పట్టినవాళ్లు బెదిరిస్తుంటారు. అనుభవపు తాకట్టులో ఆ గడువు కాగితం రాసిన రోజు నుంచి నడవదని 2014 ఆగస్టులో సింగ్ రామ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల బెంచి తేల్చింది. పంటతోనో చేతి డబ్బుతోనో అప్పు తీరినప్పుడు, లేదా డబ్బు ఇవ్వజూపినప్పుడు, కోర్టులో కట్టినప్పుడు మొదలవుతుంది. పట్టినవాడు డబ్బు తీసుకోనని మొండికేస్తే ఆస్తి బదిలీ చట్టం 83వ సెక్షన్ కింద కోర్టులో డిపాజిట్ చేసి నోటీసు ఇప్పించవచ్చు. మా నమూనాలోని మనిషికి అది ముప్పై వేలు. కాగితం మీద వడ్డీ రాయలేదు, ఇన్నేళ్ల పంటే వడ్డీ.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక సివిల్ వకీలు